మూడో వంతు సూత్రం మోసం చేస్తుంది

గంట ప్రసంగాన్ని ఇరవై నిమిషాలకు కుదించమంటే దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. ఫైలు తెరిచి, స్లైడ్లన్నీ ఒకే తెర మీద పరుచుకుని, ప్రతి భాగం నుంచీ మూడింట రెండు వంతులు తీసేస్తారు. తీసేయడానికి మనసొప్పని స్లైడ్లను రెండేసి చొప్పున కలిపేస్తారు. చివరికి ఇరవై స్లైడ్లో అంతకన్నా కాస్త తక్కువో మిగిలితే నిమిషానికొకటి చొప్పున సరిపోయిందనుకుని ఫైలు మూసేస్తారు. ఇదేదో తొందరలో చేసే పొరపాటు కూడా కాదు. కొత్తవాళ్లకు పెద్దవాళ్లు నేర్పే పద్ధతే ఇది. అన్ని భాగాలకూ సమన్యాయం జరుగుతుందని, విషయం సమగ్రంగా ఉంటుందని దీన్ని సమర్థిస్తారు కూడా.

ఈ పద్ధతి మూలంలోనే తప్పు. వినేవాడి అవసరాన్ని పక్కన పెట్టి, చెప్పేవాడి విషయసూచికను కాపాడటానికే ఇది పనికొస్తుంది. గంట ప్రసంగంలో ఏ భాగానికి ఎంత చోటు ఇచ్చామన్నది గంటకు సంబంధించిన లెక్క. ఇరవై నిమిషాల్లో ఆ నిష్పత్తి నిలవాలన్న నియమం ఎక్కడా లేదు. కొన్ని భాగాలు పూర్తిగా పోవాలి. కొన్నింటికి అరనిమిషం కూడా తగ్గకూడదు. ఏది పోవాలో, ఏది నిలవాలో తేల్చాల్సింది విని వెళ్లినవాళ్లు చేయబోయే పని.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. పాము కాటు చికిత్స మీద మెడికల్ కాలేజీలో పీజీ విద్యార్థులకు చెప్పే గంట ప్రసంగం ఉందనుకోండి. అందులో 48 స్లైడ్లు. మరణాల గణాంకాలు 7, పాముల గుర్తింపు 9, విషం శరీరంలో చేసే పని 8, ప్రథమ చికిత్స 4, లక్షణాలూ నిర్ధారణా 7, విషవిరుగుడు మందు ఇచ్చే పద్ధతి 7, వెంటిలేటరూ డయాలిసిస్సూ 4, ముగింపు 2. తరగతి గది కోసం ఇది సక్రమమైన అమరికే. ఇప్పుడు ఇదే ప్రసంగాన్ని జిల్లా స్థాయి సమావేశంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యుల ముందు ఇరవై నిమిషాల్లో చెప్పాలి.

మూడో వంతు సూత్రం ప్రకారం 48 స్లైడ్లు 16 అవుతాయి. గణాంకాలు, గుర్తింపు, విషం పనితీరు కలిపి 24 ఉన్నాయి కాబట్టి అవి 8 అవుతాయి. అంటే వైద్యుడు రోగిని ముట్టుకోకముందే ప్రసంగంలో సగం అయిపోయింది. లక్షణాలకూ మందుకూ కలిపి ఐదు స్లైడ్లు దక్కుతాయి. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు తోడుగా, రోగి చుట్టూ పదిమంది బంధువులు నిలబడి ఉండగా చేయాల్సిన పనికి మిగిలింది ఐదు నిమిషాలు. ఈ పంపకాన్ని సమన్యాయం అనడం ఎలా కుదురుతుంది?

కాబట్టి ఫైలు తెరవడానికి ముందే ఒక వాక్యం రాసుకోవాలి. ఈ ఇరవై నిమిషాలూ విన్న మనిషి రేపు ఏం చేయగలగాలి? మన ఉదాహరణలో ఆ వాక్యం ఇది: ‘కరిచిన పాము ఏదో తెలియకపోయినా విషవిరుగుడు మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎలా ఇవ్వాలో, వికటిస్తే ఏం చేయాలో పీహెచ్‌సీ వైద్యుడు సొంతంగా తేల్చుకోగలగాలి.’ ఇక ప్రతి స్లైడునూ ఈ వాక్యం పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేయాలి. ఈ స్లైడు లేకపోతే ఆయన చేసే పనిలో ఏదైనా మారుతుందా? మారదంటే అది ఎంత అందమైన స్లైడైనా పోవాలి.

గణాంకాల ఏడు స్లైడ్లతో మొదలుపెడదాం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకు ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇవి తెలుసుకోదగ్గ అంకెలే. కానీ ఎదురుగా కూర్చున్నవాళ్లు ప్రతి వానాకాలం ఈ కేసులు చూసేవాళ్లు. సమస్య ఉందని వాళ్లను ఒప్పించాల్సిన పని లేదు. ఒక్క వాక్యం నోటితో చెబితే చాలు, స్లైడు అక్కర్లేదు. నిధులు మంజూరు చేసే అధికారుల ముందు మాట్లాడేటప్పుడైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ ఈ ఏడింటిలో నాలుగైదు ఉండాలి, చికిత్స స్లైడ్లు పోవాలి. ఫైలు అదే అయినా సభ మారితే కోత మారుతుంది. ఏ సభకైనా ఒకేలా కత్తిరించే సూత్రం పనికిరాదనడానికి ఇంతకన్నా రుజువు వద్దు.

పాముల గుర్తింపు తొమ్మిది స్లైడ్ల దగ్గరికి వచ్చేసరికి చాలామంది చెయ్యి ఆగిపోతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఫొటోలు, పొలుసుల తేడాలు, తల ఆకారాలు. చూడటానికి ఆకర్షణీయంగా ఉంటాయి, ప్రసంగకుడు ఎంతో కష్టపడి సేకరించి ఉంటాడు. అయినా తొమ్మిదీ పోవాలి. మన దగ్గర దొరికే విషవిరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారైనది. ఏ పామో తెలిసినా తెలియకపోయినా సీసా ఒకటే, మొదటి మోతాదు ఒకటే. వైద్యుడు మందు మొదలుపెట్టేది రోగి ఒంటి మీద కనిపించే లక్షణాలను బట్టే. పామును చూసి గుర్తుపట్టాల్సిన అవసరం ఉందనే భావన కలిగిస్తే, చచ్చిన పాము కోసం బంధువులను పొలానికి పంపి కాలం వృథా చేసే ప్రమాదం కూడా ఉంది.

అయితే ఆ తొమ్మిదింటిలో ఒక్క మాట మాత్రం విలువైనది. కట్లపాము కాటుకు ఒక్కోసారి నొప్పీ ఉండదు, గాటూ కనిపించదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. ఇది తెలియని వైద్యుడు కడుపునొప్పికి ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపేస్తాడు. ఈ మాట పాముల భాగంలో ఉండాల్సింది కాదు, లక్షణాల స్లైడులోకి వెళ్లాలి. స్లైడును తీసేయడం వేరు, అందులోని మాటను తీసేయడం వేరు. కోత పెట్టేవాడు ప్రతి స్లైడులోనూ ఇలాంటి మాట ఏదైనా దాగి ఉందేమో వెతికి, ఉంటే దాన్ని అది పనికొచ్చే చోటికి చేర్చి, ఆ తర్వాతే స్లైడును తొలగించాలి. మూడో వంతు సూత్రం పట్టుకున్నవాడికి ఈ వెతుకులాట తట్టదు. అతను లెక్కపెట్టేది స్లైడ్లనే.

విషం పనితీరు చెప్పే ఎనిమిది స్లైడ్లలోనూ ఇదే కొలత. ఎంజైముల పేర్లు, అణువుల బొమ్మలు ఏ పనినీ మార్చవు. ఒక్క విషయం మారుస్తుంది. నాగుపాము విషం నరం నుంచి కండరానికి వచ్చే సంకేతాన్ని కండరం వైపు అడ్డుకుంటుంది. కాబట్టి నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్, దానికి తోడు అట్రోపిన్ ఇస్తే రెప్పలు మళ్లీ లేచే అవకాశం ఉంది. కట్లపాము విషం నరం చివరనే దెబ్బతీస్తుంది, అక్కడ ఈ మందు పెద్దగా పనిచేయదు, ఊపిరి అందించడమే దిక్కు. ఈ తేడా తెలిసిన వైద్యుడు మందు ఒకసారి ఇచ్చి చూస్తాడు, గుణం కనిపించకపోతే దాన్నే పట్టుకుని కూర్చోకుండా రోగిని పంపే ఏర్పాట్లు చేస్తాడు. పని మారింది కాబట్టి ఈ ఒక్కటీ నిలుస్తుంది.

ఇక స్లైడ్లు కలపడం సంగతి. రెండు స్లైడ్లను ఒకటి చేస్తే సమయం తగ్గుతుందన్నది ఎక్కువమంది నమ్మే మాట. తగ్గేది స్లైడ్ల సంఖ్య మాత్రమే. చెప్పాల్సిన మాటలు అన్నే ఉంటాయి, అక్షరాలు చిన్నవవుతాయి, వెనక వరుసలో ఉన్నవాళ్లు కళ్లు చిట్లించి చదువుతూ ప్రసంగకుడి మాట వినడం మానేస్తారు. కలపడానికి ఒప్పుకోదగ్గ కారణం ఒక్కటే. రెండు విషయాలూ ఒకేసారి కంటి ముందు ఉంటే తప్ప నిర్ణయం తీసుకోలేని పరిస్థితి ఉండాలి.

నరాల మీద విషం పనిచేస్తే కనిపించే లక్షణాలు పాత ఫైలులో ఒక స్లైడు, రక్తం మీద పనిచేస్తే కనిపించేవి మరో స్లైడు. వీటిని తప్పకుండా కలపాలి. రోగి దగ్గర నిలబడ్డ వైద్యుడు రెండింటినీ పోల్చే చూస్తాడు. రెప్పలు వాలాయా, మాట ముద్దగా వస్తోందా, మింగలేకపోతున్నాడా అన్నవి ఒక పక్క. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, మూత్రం ఎర్రగా ఉందా, గాటు దగ్గర రక్తం ఆగడం లేదా అన్నవి మరో పక్క. రెండు నిలువు వరుసలుగా పెడితే చాలు. దక్షిణాదిలో రక్తపింజర కాటుకు రెండు వరుసల లక్షణాలూ కలిసి కనిపించవచ్చు. పక్కపక్కన పెట్టినప్పుడే ఈ మాట వినేవాడికి తేలిగ్గా ఎక్కుతుంది. వేర్వేరు స్లైడ్లలో ఉంటే ఇదో అదో అన్న అపోహ మిగులుతుంది.

దీనికి భిన్నంగా రక్తం గడ్డకట్టే పరీక్షనూ మందు మోతాదునూ ఒకే స్లైడులో పెట్టకూడదు. రెండూ పొట్టివే, కలపాలని చెయ్యి ఉరుకుతుంది. కానీ ఒకటి అయ్యాక ఒకటి జరిగే పనులవి. పరీక్ష ఎలా చేయాలో వింటున్నవాడికి పక్కనే మోతాదు అంకెలు కనిపిస్తే కళ్లు అంకెల మీదికే పోతాయి, పరీక్ష వివరం చెవిన పడదు.

ఆ పరీక్ష ఒక్క నిమిషం కూడా కోసుకోలేని భాగం. దాని పేరులోనే ఇరవై నిమిషాలుంది. సిర నుంచి తీసిన తాజా రక్తం రెండు మిల్లీలీటర్లు పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు నాళికలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం ఇంకా ద్రవంగా జారితే విషం గడ్డకట్టే శక్తిని దెబ్బతీసిందని అర్థం, మందు మొదలుపెట్టాలి. చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ తప్పులు జరిగేది వివరాల్లో. గాజు తగిలితేనే రక్తంలో గడ్డకట్టే ప్రక్రియ సరిగ్గా మొదలవుతుంది. ప్లాస్టిక్ నాళిక వాడినా, డిటర్జెంట్‌తో కడిగిన పాత గాజు వాడినా విషం లేని రక్తం కూడా ద్రవంగానే ఉండిపోవచ్చు. అప్పుడు అవసరం లేని మనిషికి మందు ఎక్కుతుంది, దాని రియాక్షన్ ముప్పూ ఎక్కుతుంది. మధ్యలో ఐదేసి నిమిషాలకొకసారి ఊపి చూసినా ఫలితం చెడుతుంది. అనుమానం ఉంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తాన్ని అలాంటి నాళికలోనే పక్కన పెట్టి పోల్చుకోవాలి. ఇవన్నీ చెప్పడానికి మూడు నిమిషాలు కావాలి. గంట ప్రసంగంలోనూ దీనికి మూడే నిమిషాలున్నాయి, ఇరవైలోనూ మూడే ఉండాలి. మూడో వంతు సూత్రం దీన్ని ఒక నిమిషం చేస్తుంది. పరీక్ష పేరు అందరికీ గుర్తుంటుంది, సరిగ్గా చేయడం ఎవరికీ రాదు.

మందు భాగంలోని ఏడు స్లైడ్లు రెండవుతాయి. మొదటిది మొదలుపెట్టడం గురించి. జాతీయ మార్గదర్శకాల ప్రకారం మొదటి మోతాదు 10 వయల్స్, సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కించాలి. పిల్లలకూ అదే మోతాదు, ఎందుకంటే పాము వదిలే విషం మనిషి బరువును బట్టి మారదు. ఆరు గంటల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, రక్తం ఇంకా గడ్డకట్టకపోతే మళ్లీ మందు ఇవ్వాలి. రెండోది రియాక్షన్ గురించి. దద్దుర్లు, వణుకు, ఆయాసం మొదలైతే డ్రిప్ ఆపి, పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము అడ్రినలిన్ తొడ కండరంలోకి ఇచ్చి, తేరుకున్నాక మందును నెమ్మదిగా తిరిగి మొదలుపెట్టాలి. ఈ రెండింటినీ కూడా కలపకూడదు. రియాక్షన్ వచ్చినప్పుడు వైద్యుడికి గుర్తుకు రావాల్సింది ఆ ఒక్క స్లైడే.

ఇక్కడ సాక్ష్యాధారాల స్లైడ్ల ప్రశ్న వస్తుంది. పరిశోధనల పట్టికలు తీసేస్తే మాటకు బలం ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వినేవాడు ఎక్కడ ఎదురు చెబుతాడో అక్కడ ఆధారం ఉంచాలి, ఇప్పటికే ఒప్పుకున్న చోట తీసేయాలి. రియాక్షన్‌కు అడ్రినలిన్ ఇవ్వాలంటే కాదనే వైద్యుడు లేడు, దానికి పట్టిక అక్కర్లేదు. కానీ ముందుగా చర్మం మీద టెస్ట్ డోసు వేయొద్దంటే చాలామంది తలలు అడ్డంగా ఊగుతాయి, ఏళ్లుగా వేస్తున్న అలవాటు అది. అక్కడ మాత్రం ఆగి కారణం చెప్పాలి. ఈ రియాక్షన్లలో ఎక్కువ భాగం చర్మ పరీక్ష పట్టుకోగల రకం ఎలర్జీ కాదు. కాబట్టి పరీక్షలో ఏమీ రాకపోయినా రియాక్షన్ రావచ్చు, పరీక్షలో ఏదో వచ్చినా మందు ఆపలేం. ఈ అర నిమిషం వివరణ పెడితేనే రేపు ఆ అలవాటు మారుతుంది.

ప్రథమ చికిత్స నాలుగు స్లైడ్లు గ్రామస్థులకు చెప్పాల్సినవి. వైద్యుడికి వాటిలో కావాల్సింది ఒక్కటే. రోగి కాలికి గట్టిగా కట్టు కట్టుకుని వస్తాడు. దాన్ని చూడగానే కోసేయకూడదు. మందూ అడ్రినలినూ ఊపిరి అందించే సామగ్రీ సిద్ధం చేసుకుని, నెమ్మదిగా వదులు చేయాలి. ఒక్కసారిగా విప్పితే అక్కడ ఆగిన విషం ఒక్కసారిగా ఒళ్లంతా పాకే ప్రమాదముంది. వెంటిలేటర్, డయాలిసిస్ నాలుగు స్లైడ్లు పీహెచ్‌సీలో లేని యంత్రాల గురించి. వాటి బదులు ఒకే స్లైడు చాలు: ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలి, అంబులెన్స్ ఎక్కించేలోపు ఏం పూర్తి చేయాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక రోగి కథతో ప్రశ్న వేయడానికి ఒక నిమిషం. కట్టుతో వచ్చిన రోగికి రెండు. లక్షణాల పట్టికకు మూడు. రక్త పరీక్షకు మూడు. మందు మొదలుపెట్టడానికి మూడు. రియాక్షన్‌కు రెండు. నియోస్టిగ్మిన్‌కు ఒకటి. పెద్దాసుపత్రికి పంపడానికి ఒకటి. మొత్తం 8 స్లైడ్లు, 16 నిమిషాలు. మిగిలిన నాలుగు నిమిషాలు పరిచయానికీ ప్రశ్నలకూ పోతాయి. ఇరవై నిమిషాలు ఇచ్చారంటే ఇరవై నిమిషాలు మాట్లాడమని కాదు, వేదిక మీద ఉండే సమయమంతా కలిపి ఇరవై అని అర్థం. సమయం మూడో వంతుకు తగ్గితే స్లైడ్లు ఆరో వంతుకు తగ్గాయి, అయినా చికిత్స భాగం చెక్కుచెదరలేదు. స్లైడ్ల సంఖ్యకూ నిమిషాలకూ మధ్య మనం ఊహించుకునే సంబంధం నిజం కాదని ఇందులోనే తెలుస్తోంది. నిజం తేల్చుకోవాలంటే గడియారం పెట్టుకుని గొంతెత్తి ఒకసారి మొత్తం చెప్పి చూడాలి. మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే పట్టినట్టు అనిపిస్తుంది. పదహారు దాటితే వేగంగా మాట్లాడటం మందు కాదు, ఇంకో స్లైడు పోవాలి. మన ఉదాహరణలో అది నియోస్టిగ్మిన్. ముందు ప్రసంగం ఆలస్యమై మనకు పదిహేను నిమిషాలే మిగిలినా మొదట పోవాల్సింది అదేనని ముందే తేల్చుకుని ఉండాలి.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో బలమైనది ఒకటుంది. సభలో పెద్ద డాక్టరు ఎవరో లేచి ఫలానా పాము సంగతేమిటి, ఫలానా అధ్యయనం మాటేమిటి అని అడిగితే ప్రసంగకుడికి తెలియదనుకుంటారు కదా అంటారు. ఈ భయమే చాలా ప్రసంగాలను పాడు చేస్తోంది. ఒక్క ప్రశ్నకు భయపడి, ఆ ప్రశ్న వేయని వందమంది సమయాన్ని ముందే ఖర్చు పెట్టేస్తున్నాం. తీసేసిన 40 స్లైడ్లను చెరిపేయమని ఎవరూ అనడం లేదు. వాటిని ఫైలు చివరికి జరిపి, దాచిపెట్టే సదుపాయం వాడి, వాటి నంబర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి. పవర్‌పాయింట్‌లో ప్రదర్శన నడుస్తుండగానే ఆ నంబరు టైపు చేసి ఎంటర్ నొక్కితే దాచిన స్లైడు కూడా తెర మీదికి వస్తుంది. అడిగినవాడికి పట్టికతో సహా సమాధానం దొరుకుతుంది. ప్రసంగకుడి మీద గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు.

తర్వాత ఫైలు పంచుతాం కాబట్టి అందులో అన్నీ ఉండాలన్నది మరో వాదన. పంచడానికి 48 స్లైడ్ల ఫైలు అలాగే ఉంది, దాన్నే పంచండి. చదవడానికి రాసినదాన్ని వినేటప్పుడు తెర మీద పెడితే చదివేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ న్యాయం జరగదు.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. కొన్ని విషయాలు ఇరవై నిమిషాల్లో ఇమడవు. శ్వాసనాళంలోకి గొట్టం వేయడం నేర్పమంటే ఎంత కోసినా కుదరదు, అది చేతితో చేసి చూసి నేర్చుకోవాల్సిన పని. పైన రాసినట్టు ఒక వాక్యం రాసుకోవడానికి కూర్చుంటే ఆ సంగతి వెంటనే బయటపడుతుంది, ఎందుకంటే ఆ వాక్యం నిజాయితీగా రాయలేం. అప్పుడు నిర్వాహకులకు ఫోన్ చేసి అంశం మార్చమనో సమయం పెంచమనో అడగాలి. ప్రతి భాగం నుంచీ కాస్త కాస్త కోసుకుంటూ పోయేవాడికి ఈ ప్రశ్న అడగాలని తోచదు. పదహారు స్లైడ్లు చక్కగా వచ్చాయి కాబట్టి పని అయిపోయిందనుకుంటాడు.

మూడో వంతు సూత్రం పట్టుకుని తిరిగేవాళ్లకు నా సూటి ప్రశ్న ఇదే. మీ ప్రసంగం విన్న వైద్యుడు ఆ రాత్రి కడిగిన పాత నాళికలో రక్తం పోస్తే, టెస్ట్ డోసు కోసం అరగంట వృథా చేస్తే, మీరు సమగ్రంగా చూపించిన ఎంజైముల పట్టిక ఆయనకు ఎలా తోడ్పడింది? దీనికి జవాబు లేనంతవరకు ఆ స్లైడ్లను సమగ్రత పేరుతో సమర్థించుకునే హక్కు మనకు లేదు. తీసేయండి. మిగిలిన సమయం నాళికకూ అడ్రినలిన్‌కూ ఇవ్వండి.